ఏడు, పంతొమ్మిది

నేను భూతద్దాన్ని. పేరులో భూతం ఉన్నా చేసే పని చిన్నది. కింద ఏది పెడితే దాన్ని రెండున్నర రెట్లు చేసి చూపిస్తాను. నల్లగొండలో క్లాక్‌టవర్ దగ్గర ఒక దుకాణంలో సారు నన్ను కొన్నారు. అప్పట్లో ఆయన బడిలో సోషల్ చెప్పేవారు, డ్రాయింగ్ సారు లేని బడి కాబట్టి డ్రాయింగూ ఆయనే చెప్పేవారు. కృష్ణా నది పటంలో ఎటు వంపు తిరిగిందో నాలోంచి చూపించేవారు. ఇంటర్వెల్‌లో పిల్లలు నన్ను ఎండలోకి ఎత్తుకుపోయేవారు. కాగితానికి 10 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుంటే నేను ఎండనంతా ఒక్క చుక్కగా పోగేస్తాను. పొగ లేచేది, పిల్లలు అరిచేవారు, సారు వచ్చేవారు. నా జీవితంలో ఉత్సాహంగా గడిచిన రోజులు అవే. రిటైరయ్యాక మందుల పట్టీల మీద గడువు తేదీలు చదవడం నా వంతయింది.

మా ఊరు పానగల్. కందూరు చోడులు ఏలిన ఊరు. వాళ్లు తవ్వించిన ఉదయసముద్రం ఇప్పటికీ నిండుతుంది. ఈ కాలంలో దాంట్లోకి కృష్ణా నీళ్లు కూడా వస్తున్నాయి. పచ్చల సోమేశ్వరుడు, ఛాయా సోమేశ్వరుడు ఇద్దరూ ఇక్కడే. శివరాత్రికి ముందు ఊరి యువకులు పిల్లలకు బొమ్మల పోటీ పెట్టి, అంశం ‘మా ఊరు’ అన్నారు. మొదటి బహుమతి 1000 రూపాయలు, రెండోది 600, మూడోది 300. షీల్డు మాత్రం ఒక్కటే. జడ్జి ఎవరంటే, ఇంకెవరు, సారే. పోటీలో ఉన్న పిల్లల నాన్నలకు డ్రాయింగ్ నేర్పింది ఆయనే.

31 బొమ్మలు వచ్చాయి. సారు పెట్టిన మొదటి షరతు, బొమ్మ ముందు వైపు పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్‌కు ఏళ్ల తరబడి వెళ్లిన మనిషి కదా, పేరు కనిపిస్తే మార్కు ఎటు జారుతుందో ఆయనకు తెలుసు. బొమ్మలన్నీ వరండాలో పరిచి, ముందు నన్ను తియ్యకుండానే ఒకసారి నడిచి చూశారు. మూడు కుప్పలు చేశారు. క్యాలెండరు చూసి దించినవి ఒక పక్కకు పోయాయి. వాటిని పట్టడం సులువే. కొబ్బరి చెట్లు, మంచు కొండలు, రెండు కొండల మధ్య సూర్యుడు ఉంటాయి. పానగల్‌లో మంచు కొండ ఎక్కడిది? పెద్దవాళ్ల చెయ్యి పడినవి ఇంకో పక్కకు పోయాయి. అక్కడ నేను పనికొచ్చాను. పిల్లవాడి పెన్సిలు గీత తడబడుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. బొమ్మంతా అలాంటి గీతలుండి, ఒక్క ఆవు మాత్రం ఒకే ఊపులో వచ్చిందంటే ఆ ఆవు ఇంట్లో ఇంకెవరిదో.

మూడో కుప్పలోంచి చివరికి రెండు బొమ్మలు మిగిలాయి. 7, 19.

ఏడో నంబరుది ఛాయా సోమేశ్వరుడి గర్భగుడి. ఆ గుడికి వచ్చేవాళ్లంతా చూసేది లింగం వెనక నిలువుగా పడే నీడనే. బయట సూర్యుడు కదులుతుంటే, లోపల ఆ నీడ పగలంతా అక్కడే నిలబడి ఉంటుంది. గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు, మండపంలో చెదిరిన వెలుతురే వస్తుంది. దానికి స్తంభాలు అడ్డు పడతాయి. వెలుతురు వచ్చే దారి మారదు కాబట్టి నీడ జాగా కూడా మారదు. అలా పడే నీడకు పదునైన అంచు ఉండదు. మిగతా పిల్లల్లో ఈ గుడిని వేసినవాళ్లంతా నీడను నల్ల రంగుతో, స్కేలు పెట్టి గీసినట్టు వేశారు. ఏడో నంబరు పిల్ల (వెనక వైపు పేరు సారు తరవాత చూశారు, నేను అప్పుడే చెప్పేస్తున్నాను) నల్ల డబ్బా ముట్టలేదు. నీలంలో కాఫీ రంగు కలిపింది. నాలోంచి చూస్తే ఆ రెండూ పూర్తిగా కలవకుండా, అక్కడక్కడ నీలపు రవ్వ, అక్కడక్కడ మట్టి రవ్వ కనిపించాయి. దూరంగా పెడితే అది చల్లటి రాతి నీడ. అంచు దగ్గర తడి కుంచెతో ఒకసారి తుడిచి వదిలేసింది. ఒక్క చోట మాత్రం కాగితం ఆరకముందే మళ్లీ నీళ్లు తగిలి, రంగు పువ్వులా విచ్చుకుంది. వాటర్ కలర్ వేసేవాళ్లందరికీ తెలిసిన తిప్పలే అది.

పంతొమ్మిదోది ఉదయసముద్రం. కట్ట మీద కూర్చుని ఒకాయన వల బాగు చేసుకుంటున్నాడు. వెనక నీళ్లు, సాయంత్రం. వలను ఒక మూలకు తోసి, కాగితంలో సగానికి పైగా నీళ్లకే వదిలాడు పిల్లవాడు. ధైర్యం కావాలి దానికి. పిల్లలు సాధారణంగా ఖాళీ చూస్తే భయపడి ఒక పడవో, కొంగో తెచ్చి పెడతారు. నీళ్ల మీద మెరుపుల కోసం సారు నన్ను దించి చాలాసేపు చూశారు. తెల్ల పోస్టర్ కలర్ పూసి ఉంటే కాగితం మీద మందంగా, సుద్దలా తేలుతుంది. ఇక్కడ అలా లేదు. మెరుపు ఉన్న ప్రతిచోటా ఉత్త కాగితం పీచే కనిపించింది. అంటే ఎక్కడ రంగు వెయ్యకూడదో ముందే అనుకుని, చుట్టూ వేసుకొచ్చాడన్నమాట. రంగులు మాత్రం డబ్బాలో ఉన్నవి ఉన్నట్టే వాడాడు. ఆకాశం కాస్త పచ్చి నారింజ.

సారు మార్కుల కాగితం తీశారు. నాలుగు గళ్లు: విషయం, కూర్పు, రంగు, పనితనం. ఒక్కోదానికి పది. ఏడుకు 9, 8, 8, 8. పంతొమ్మిదికి 8, 9, 7, 9. కూడితే అదీ 33, ఇదీ 33.

“అయ్యో” అన్నారు సారు, ఎవరికీ వినపడకుండా.

తరవాత ఆయన చేసినవన్నీ దగ్గరుండి చూశాను. రెండు బొమ్మల జాగాలు మార్చారు, ఎందుకంటే చివర చూసిందే కంటికి బాగుంటుంది. పది అడుగుల దూరం నుంచి చూశారు. తలకిందులుగా పెట్టి చూశారు. అలా పెడితే గుడీ చెరువూ మాయమై వెలుగు, చీకటి బరువులే మిగులుతాయి. రెండూ తూగాయి. మళ్లీ నన్ను అందుకున్నారు. నా సంగతి నేనే చెప్పాలి, దగ్గరికి పోయేకొద్దీ నాకు బొమ్మ కనిపించదు. పీచు, మరక, ఇంకో మరక, అంతే. తప్పు ఎక్కడుందో చూపించగలను కానీ ఏ బొమ్మ గొప్పదో చెప్పడం నా కొలతలో లేదు.

“అన్నం చల్లారుతున్నది, తిందురు రాండ్రి” అని లోపలి నుంచి అమ్మ పిలిచింది. సారు వెళ్లలేదు.

ఆయన ఒక గడికి ఎక్కువ విలువ ఇచ్చి చూద్దామనుకున్నారు. విషయాన్ని రెట్టింపు చేస్తే ఏడుకు 42, పంతొమ్మిదికి 41. సరే, ఏడు గెలిచింది. మరి కూర్పును రెట్టింపు చేస్తే? 41, 42. పంతొమ్మిది. రంగును చేస్తే 41, 40. పనితనాన్ని చేస్తే 41, 42. రెండు గళ్లు ఇటు, రెండు గళ్లు అటు. సారు పెన్ను కింద పెట్టేశారు. ఈ లెక్కలో గెలిచే బొమ్మను ఎంచేది లెక్క కాదు, గడిని ఎంచే మనిషి. రెండు బొమ్మలూ చూసేసిన తరవాత ఏ గడిని రెట్టింపు చేసినా ముందే ఒకరికి షీల్డు ఇచ్చేసి, తరవాత కారణం రాసుకున్నట్టే.

తెల్లారి పాత మార్కులు చూడకుండా మళ్లీ వేశారు. ఈసారి ఏడుకు 34, పంతొమ్మిదికి 32. చూసి సంతోషిస్తారనుకున్నాను. లేదు. రాత్రికీ పొద్దుటికీ బొమ్మలు మారలేదు, మారింది సారు చెయ్యి. ఒకే పేపరును ఇద్దరు దిద్దితే రెండు మార్కులు అటూ ఇటూ కావడం వాల్యుయేషన్ క్యాంపుల్లో ఆయన చూసిందే. తన చెయ్యే ఒక్క రాత్రిలో అంత ఊగితే, అంతకన్నా పెద్దది కాని తేడాతో ఎవరినీ ఓడించనని పట్టుబట్టారు. నాకైతే ఇది కొంత మొండితనం అనిపించింది. లోకంలో పరీక్షలన్నీ ఒక్క మార్కు మీదే నడుస్తున్నాయి కదా! కానీ భూతద్దాన్ని ఎవరు అడుగుతారు?

మధ్యాహ్నం పోటీ పెట్టిన యువకులు వచ్చారు.

“సారూ, చీటీలు తీద్దాం. సర్పంచ్ ఎలక్షన్ల ఓట్లు సమానమైతే చీటీలే గదా తీసేది?” అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

“అవును బిడ్డా. అక్కడ కుర్చీ ఒక్కటే, ఇద్దరు కూసునేటట్టు లేదు. చీటీల ఓడినోణ్ణి జనం ఓడగొట్టలేదని అందరికీ ఎరుకే. ఇక్కడ చీటీ తీసి, నీ బొమ్మ రెండోదని ఆ పిల్లకో, ఆ పిలగానికో చెప్పాలె. అది అబద్ధమైతది.”

“మరి షీల్డు సార్?”

“పైసలు ముందు తేల్చు.”

తేల్చారు. మొదటి బహుమతి 1000, రెండోది 600, కలిపితే 1600. చెరొక 800. ఇద్దరూ మొదటివాళ్లే, రెండో స్థానం ఎవరికీ లేదు. షీల్డు ఆరు నెలలు ఒకరింట్లో, ఆరు నెలలు ఇంకొకరింట్లో ఉంటుంది. ముందు ఎవరింటికి అన్నదానికి మాత్రం చీటీలు తియ్యమన్నారు సారు. ఆ మాటకు యువకుడి మొహం వెలిగింది.

గొడవ ఇంకో పక్క నుంచి వచ్చింది. మూడో బహుమతి పిల్లవాడి నాన్న సాయంత్రానికి గడపలో నిలబడ్డాడు. ఆయనా సారు దగ్గర చదివినవాడే. “రెండోది ఖాళీగ ఉన్నది గద సారూ, మావాణ్ణి అండ్ల పెట్టుండ్రి” అన్నాడు. సారు ఆయన్ని కూర్చోబెట్టి అడిగారు, “మీవాని కంటె ముందు ఎంతమంది ఉన్నరు?” ఇద్దరు. “ఇద్దరి ఎనక వచ్చేటోడు ఎన్నోవాడు?” ఆయన వేళ్లు లెక్కపెట్టుకుని, మూడోవాడేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నా వెళ్లలేదు. చాయ్ తాగి, కొడుకు బొమ్మను నాలోంచి చూపించమని అడిగి, కోడిపుంజు ఈకలు ఒక్కొక్కటి చూసి, అప్పుడు వెళ్లాడు.

ఆ రాత్రి సారు ఒక కొత్త కాగితం తీసి వచ్చే ఏడాది పోటీ నిబంధనలు రాశారు. మార్కులు సమానమైతే ఏ గడిని ముందు చూడాలో, బొమ్మలు చేతికి రాకముందే, పోటీ చాటేనాడే అందరికీ చెప్పాలని అందులో రాశారు. ఆ గడి పేరు యువకులే పెట్టాలని జాగా వదిలి పంపించారు. వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారట. ఒకడు రంగు అన్నాడు, ఒకడు కూర్పు అన్నాడు, విషయం లేకుండా బొమ్మెందుకని ఇంకొకడు లేచాడు. కాగితం తిరిగి మా ఇంటికి వచ్చింది. ఆ జాగాలో సన్నటి అక్షరాలు చూసి సారు నన్ను అందుకున్నారు. రెండున్నర రెట్లు చేసి చూపించాను: ‘మీరే చెప్పుండ్రి సార్.’