మానేసినతనికి శిక్షణ

తొందరలో చేసిన తెలివితక్కువ పనికి కొంత మన్నింపు ఉంటుంది. నేను చేసింది తీరిగ్గా, ముచ్చటపడి, వాక్యాలు చెక్కుకుంటూ చేసింది.

కాడుగోడి కంటైనర్ డిపోకు దగ్గర్లో మా గోడౌన్. అక్కడ లెక్కలు చూసేది నేనే. సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి అంతర్గత ఆడిటర్లు స్లైడ్లలో నివేదిక ఇచ్చారు. యాజమాన్యం తరఫున జవాబు లేఖ రాయమని మా డైరెక్టరు నాకు అప్పగించారు. ఒక స్లైడుకు 'గోడౌన్ నియంత్రణలు' అని శీర్షిక, దాని కింద మూడు లోపాలు. జోరుగా అమ్ముడయ్యే సరుకును నెలనెలా లెక్కపెట్టడం మానేశాం. సెప్టెంబరు 30న గేటు దాటి లోపలికొచ్చిన సరుకు కొంత అక్టోబరు 3న కంప్యూటరులో ఎక్కింది. ఉద్యోగం మానేసిన ఒకతని లాగిన్ ఇంకా పనిచేస్తోంది.

శీర్షిక ఒకటే కదా, జబ్బూ ఒకటే అనుకున్నాను. సిబ్బంది కొరత వల్ల ఇలా జరిగిందనీ, శిక్షణ ఇచ్చామనీ, డిసెంబరు 31లోగా సరిచేస్తామనీ మూడింటికీ కలిపి ఒకే పేరా రాసేశాను. స్లైడు మీది లోపాల నంబర్లు కూడా తీసేశాను, చూపుకు అందంగా ఉంటుందని.

ఆడిటరు మేడమ్ ఫోన్ చేశారు. "శిక్షణ ఎవరికిచ్చారండీ, మానేసినతనికా?" అన్నారు.

ఒక్కో లోపానికి విడిగా జవాబివ్వాలన్న సంగతి మనం నవ్వుకునే ప్రభుత్వ కార్యాలయాలకు ఎప్పుడో తెలుసు. కాగ్ ఆడిట్ పేరాలకు శాఖలు పేరావారీగానే జవాబు పంపుతాయి. చదివేవాడు ఒక్కో పేరా తీసి ఇది తీరిందా, లేదా అని చూస్తాడు. నా లేఖలో అలా విడదీసి చూడటానికి ఏమీ లేదు.

మళ్లీ మొదలుపెట్టాను. స్లైడులో ఉండేది తలకట్టు మాత్రమే. అసలు విషయం ఆడిటర్ల నమూనా పట్టీలో ఉంటుంది. ఆలస్యపు ఎంట్రీల పట్టీ అడిగి తెప్పించుకున్నాను. వాళ్లు చూసిన 40లో 5 ఆలస్యమైనవి, విలువ 14 లక్షలు. సరుకు ఎంత తగ్గిందో సరఫరాదార్లకు మన బాకీ కూడా అంతే తగ్గింది, లాభం మారదు, దీనికింత రాద్ధాంతమా అని మొదట్లో గునిశాను. కానీ లాభం మారకపోయినా ఆస్తిలో ఒకటి, అప్పులో ఒకటి, రెండు అంకెలు తప్పు. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు పట్టీలోనూ ఆ తప్పే పోతుంది.

గేటు రిజిస్టరు, కొనుగోలు ఆర్డర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఐదింట్లో రెండు వేరే జాతివి. తనిఖీలో పాసయ్యాకే సరుకు మనది అవుతుందని వాటి ఆర్డర్లలో షరతు ఉంది. తనిఖీ అక్టోబరు 1న జరిగింది. కాబట్టి 5 లక్షల విలువైన ఆ రెండింటి విషయంలో ఒప్పుకోవడం లేదని రాసి, షరతు ప్రతి, తనిఖీ పత్రం జతచేశాను. మిగతా మూడింటి తప్పు ఒప్పుకున్నాను. డైరెక్టర్లకు ఇచ్చిన సెప్టెంబరు లెక్కల్లో 9 లక్షలు సవరించామని రాశాను. ఇకమీదట త్రైమాసికం చివరి రాత్రి గేటు రిజిస్టరును కంప్యూటరుతో సరిచూశాకే పుస్తకం మూస్తామని ఇంకో వాక్యం. జరిగిపోయినదాన్ని దిద్దడం ఒక పని, మళ్లీ జరగకుండా చూడటం ఇంకో పని. నా పాత పేరాలో రెండోదాని వాసన ఉంది కానీ మొదటిది లేనే లేదు.

లాగిన్ దగ్గర ఇంకా సిగ్గుపడ్డాను. బాధ్యుడిగా ఐటీ మేనేజరు హోదా రాసేశాను, ఆయన్ను అడగకుండానే. లేఖ ప్రతి చూసి ఆయనే వచ్చారు. "మానేశాడని నాకెవరు చెప్పారు సార్?" నిజమే. రాజీనామా కాగితం హెచ్‌ఆర్ నుంచి జీతాల విభాగానికి వెళ్లి అక్కడే ఆగిపోతోంది. బాధ్యత హెచ్‌ఆర్‌కు మార్చాను. లాగిన్ ఆపేశామని రాస్తే సరిపోదనీ, అతను వెళ్లిన తర్వాత దాంతో ఎవరేం చేశారో లాగ్ తీసి చెప్పాలనీ మేడమ్ పట్టుబట్టారు. తీస్తే, పక్క బల్ల కుర్రాడు దాంతోనే రోజూ ఎంట్రీలు వేస్తున్నాడు. తన లాగిన్ అడిగి అడిగి విసిగిపోయాడట.

సిబ్బంది కొరత అన్న మాట నిజమైంది సరుకు లెక్క విషయంలో ఒక్కచోటే. అక్కడ మాత్రం ఉంచాను.

జనవరిలో ఆడిటర్లు అదే లేఖ పట్టుకుని వచ్చారు. సరుకు లెక్క, ఆలస్యపు ఎంట్రీలు రెండూ మూసేశారు. లాగిన్ లోపం మాత్రం తెరిచే ఉంచారు. ఎంట్రీలు వేసేవాళ్లలో కాంట్రాక్టు మనుషులూ ఉన్నారు, వాళ్ల రాకపోకలు హెచ్‌ఆర్ గుమ్మం తొక్కవు. ఆ పేరాకు ఇప్పుడు గోడౌన్ మేనేజరును కలిపి, ఈసారి ఆయన్ను ముందే అడిగి, మార్చి 31 తేదీ వేశాను.