అవుటు లేని ఆటలు

కుర్చీలాటకు పదహారు మంది పిల్లలుంటే పదిహేను కుర్చీలు వేస్తారు. విజేత తేలేసరికి పదిహేను విడతలు. మొదట్లోనే అవుటైన పిల్ల మిగతా పద్నాలుగు విడతలూ గోడకానుకుని చూడాలి. అవుటైనవాళ్లందరి ఖాళీ విడతలూ కలిపితే 105. అందరూ చివరిదాకా ఆడి ఉంటే 240 అయ్యేవి. అందులో ఇంచుమించు సగం కూర్చోవడానికే పోయింది, పేరుకు తగ్గ ఆటే.

నెల్లూరు తీరాన మైపాడు, తుమ్మలపెంట లాంటి ఊళ్ల అంగన్‌వాడీల్లో మూడేళ్లవాళ్లూ ఆరేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉంటారు. నవంబరు 14న బాలల పండగకు కుర్చీలాట పెడితే ముందు అవుటయ్యేది బుడతలే. ఖాళీగా కూర్చోబెట్టిన బుడత ఊరుకోడు. పక్కవాడి జుట్టు పీకుతాడు, లేదా వాకిలి పట్టుకుని అమ్మ కావాలంటాడు.

దీనికి మందు, పిల్లల్ని కాక కుర్చీల్ని అవుట్ చేయడం. కుర్చీలు తిరగబడతాయి కాబట్టి గోనెసంచులు మేలు. నున్నటి బండల మీద అవి జారతాయి, మట్టివాకిట్లోనే పరవాలి. పదహారు మందికి ఎనిమిది సంచులు. పాట ఆగగానే అందరూ ఏదో ఒక సంచి ఎక్కాలి, ఒక్క పాదం ఆనినా చాలు. తర్వాత ఆరు, నాలుగు, చివరికి మూడు. మూడింటితో ఆపేయాలి. రెండుకు దిగితే కిందపడ్డవాడి మీద ఏడుగురుంటారు.

తీరానికి అచ్చంగా నప్పేది వలాట. ఇద్దరు చేతులు పట్టుకుంటే వల, తక్కినవాళ్లు చేపలు. దొరికిన చేప అవుటు కాదు, తానే వలలో చేరుతుంది. నలుగురు కాగానే వల రెండుగా తెగాలి. ఈ నియమం మరిచిపోకూడదు. గొలుసు పొడుగైతే కొసనున్నవాణ్ని ఈడ్చేస్తారు, అయిదేళ్లలోపువాళ్లకు చెయ్యి గుంజితే మోచేతి దగ్గర ఎముక జారుతుంది. పిల్లవాడు చెయ్యి వేలాడేసి కదపనంటే ఆట ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే మూడేళ్లవాళ్లను గొలుసులో కలపరు. వాళ్లకు వల అంటే టీచరూ ఆయా చెరో కొసా పట్టుకున్న పాతచీర. పాట సాగినంతసేపూ కిందుగా పరిగెత్తుతారు, ఆగగానే చీర దిగుతుంది, చిక్కినవాళ్లు కిలకిలా నవ్వుకుంటూ బయటికొస్తారు.

ఒక చిక్కుంది. వలగా ఉండటమే సరదా కాబట్టి కాసేపటికి చేపలు ఎదురొచ్చి వలలో పడతాయి. మైపాడు బెస్తలు ఏనాడూ చూడని దృశ్యమిది. అప్పుడు చివరిదాకా చిక్కని ఇద్దర్నీ కొత్త వలగా నిలబెట్టి మళ్లీ మొదలుపెడతారు.

పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా గుమ్మం దగ్గరి అవ్వలతోనే.

“ఏంది టీచరమ్మా, మావోడు గెల్చినాడా లేదా?”

“వలలో ఉండాడవ్వా.”

“అయితే ఓడిపొయినాడా?”

టీచరు మాట్లాడకుండా చీర కొస అవ్వ చేతికిస్తుంది.