చొక్కా ఇంట్లో వేసుకుని బయల్దేరకండి

ఇంటర్వ్యూకి ప్యూర్ కాటన్ చొక్కా కొనకండి. గంజి పెట్టించకండి. ఇస్త్రీ చేసిన వెంటనే తొడుక్కోకండి. అసలు ఆ చొక్కా వేసుకుని ఇంట్లోంచి బయల్దేరకండి. పెద్దవాళ్లు వింటే ఇవన్నీ తలకిందుల సలహాలంటారు. విశాఖపట్నంలో మే, జూన్ నెలల్లో మొదటి ఉద్యోగానికి వెళ్లే పిల్లలకి నేను మాత్రం ఇవే చెబుతాను.

ముందు ముడత ఎలా పడుతుందో చూడండి. నూలు దారంలోకి తడి చేరితే లోపలి బంధాలు సడలుతాయి. ఆరేటప్పుడు బట్ట ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటాయి. ఇస్త్రీ పనిచేసేది ఇందుకే: తడి, వేడి, బరువు. బస్సులో సీటుకి ఆనుకుని కూర్చున్న వీపు దగ్గర ఈ మూడూ ఉంటాయి. చెమట తడి, ఒంటి వేడి, మన బరువు. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినా తొందరగా ఎగిరిపోతుంది. సముద్రం పక్కన గాలిలోనే తడి ఉంటుంది, చెమట ఆరదు. అక్కడ పనిచేసే ప్యూర్ కాటన్ చిట్కా ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

గాజువాక నుంచి మధురవాడలో పదిన్నర ఇంటర్వ్యూకి వెళ్లే అబ్బాయి సంగతి తీసుకుందాం. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి ప్రయాణం. కాటన్ చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని బస్సెక్కితే దిగేసరికి వీపు తడిసి ఉంటుంది. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. తడి చొక్కాతో రిసెప్షన్‌లో ఏసీ కింద సోఫాకి ఆనుకుని కూర్చుంటాడు. చెమట చల్లగా ఆరిపోతుంటే హాయిగానే ఉంటుంది, కానీ నడుం దగ్గర నలిగిన మడతలు నలిగినట్టే బిగుసుకుంటాయి. లోపలికి పిలిచాక ఎంత లాగినా అవి పోవు.

ఆ అబ్బాయి చేయాల్సింది వేరు. ముందు రోజు సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేయించి, రాత్రంతా హ్యాంగర్‌కి తగిలించాలి. ఇస్త్రీ వేడి, ఆవిరి పూర్తిగా పోకముందే తొడిగితే మోచేతి దగ్గర అప్పుడే ముడత పడుతుంది. పొద్దున మామూలు టీషర్ట్‌లో బయల్దేరి, చొక్కాని హ్యాంగర్‌తోనే కవర్లో పెట్టి చేత్తో పట్టుకోవాలి. తొమ్మిదిన్నరకల్లా చేరాలి. దిగగానే బట్టలు మార్చుకోవడం తప్పు, ఎందుకంటే నడక ఆపిన తర్వాత కూడా కొంతసేపు చెమట కారుతూనే ఉంటుంది. మొహం, మెడ, మణికట్లు నీళ్లతో కడుక్కుని, నీడలో ఓ పావుగంట నిలబడి, చెమట ఆగాక తుడుచుకుని అప్పుడు వేసుకోవాలి. లోపల చేతుల బనియన్ వద్దనకండి. ఒక పొర ఎక్కువైనా చంకల దగ్గర తడిని ముందు అది పీల్చుకుంటుంది.

బట్ట విషయంలో నా ఓటు మిక్స్‌డ్ గుడ్డకే, కాటన్ 60, పాలిస్టర్ 40 పాళ్లలో ఉన్నది. పాలిస్టర్ నీళ్లు దాదాపు పీల్చదు, దాని ఆకారం మారాలంటే 70 డిగ్రీల దాకా వేడి కావాలి; ఒంటి వేడి 37 దగ్గరే ఉంటుంది. పూర్తి పాలిస్టర్ మాత్రం వద్దు, చెమట లోపలే నిలిచి ఒంటికి అతుక్కుంటుంది. షాపులో లేబుల్ దొరక్కపోతే చొక్కా కింది అంచుని గుప్పిట్లో గట్టిగా నలిపి, కాసేపు ఉంచి వదలండి. గీతలు అలాగే నిలిస్తే పక్కన పెట్టేయండి. అమ్మాయిలు కుర్తీకి కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. గంజి కాటన్ చీర ఇంట్లో అద్దం ముందు ఎంత నిటారుగా ఉన్నా ఈ గాలికి మెత్తబడుతుంది, మడిచిన చోట గీత మాత్రం పోదు. క్రేప్ చీర నయం.

రంగు తెలుపు, లేదంటే ముదురు నీలం. బూడిద రంగు, లేత నీలం చెమట మచ్చని దూరం నుంచే చూపిస్తాయి. పౌడర్ చెమటని ఆపదు, తడిసి గడ్డకట్టి కాలర్ మీద తెల్లగా తేలుతుంది. చెమటని తగ్గించే యాంటీపెర్స్పిరెంట్ రాయాల్సింది కూడా పొద్దున కాదు, ముందు రాత్రి, ఆరిన చర్మం మీద. అందులోని అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాల్లో కుదురుకోవడానికి ఆ సమయం కావాలి.

రిసెప్షన్‌లో కూర్చోమంటే కుర్చీ ముందు అంచున, వీపు ఆనించకుండా కూర్చోండి. కూర్చునే ముందు పాంటుని మోకాళ్ల దగ్గర కొద్దిగా పైకి లాగండి. సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుంటే పొట్ట దగ్గర చొక్కా దాని కింద నలుగుతుంది, పక్క కుర్చీలో పెట్టండి. బ్యాగు భుజానికి తగిలించకుండా చేత్తో పట్టుకోండి.