వీడియో కాల్‌కు ముహూర్తం

పెళ్ళికి ముహూర్తం పెట్టడం బహు తేలిక. ఒక ఊరు, ఒక పంచాంగం, ఒక సిద్ధాంతిగారు చాలు. తెల్లవారుజామున రెండు గంటల పదమూడు నిమిషాలకు అన్నా సరే, బంధువులంతా కళ్ళు నులుముకుంటూ అక్షింతలు పట్టుకుని కూర్చుంటారు. ఎదురు మాట్లాడేవాడుండడు. అదే, విదేశాల్లో ఉన్న మనవళ్ళతో వారానికోసారి వీడియో కాల్‌కు ముహూర్తం పెట్టమనండి, సిద్ధాంతిగారు కూడా ఉత్తరీయం దులుపుకుని లేచి వెళ్ళిపోతారు.

తెనాలిలో రిటైరైన ఓ మాస్టారింటి సంగతి చెబుతాను. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో. రెండిళ్ళలోనూ చిన్నపిల్లలే. మొన్న వేసవి సెలవులయ్యాక ఫ్యామిలీ గ్రూపులో అఖిలపక్ష సమావేశం జరిగింది. ఎజెండా ఒక్కటే: వారానికి ఒక అరగంట అందరూ ఒకేసారి తెరమీద కనపడాలి.

మాస్టారి ప్రతిపాదన ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. భోజనం అయిపోతుంది, వార్తలు అయిపోతాయి, ఇక మనవళ్ళే మిగులుతారని ఆయన లెక్క. డాలస్‌లో అప్పుడు ఆదివారం ఉదయం పది. మనవడు తెలుగు బడిలో ఉంటాడు. తాతయ్యతో తెలుగులో మాట్లాడటం నేర్చుకోవడానికి వెళ్ళినవాడు తాతయ్యకు దొరకడు. మెల్‌బోర్న్‌లోనైతే సోమవారం అర్ధరాత్రి దాటి ఒంటిగంట.

అమ్మగారు గోడమీద క్యాలెండర్ చూసి, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం కనుక అది వెళ్ళాక సాయంత్రం ఆరింటికి అన్నారు. డాలస్‌లో పొద్దున్న ఏడున్నర. సెలవురోజు ఆ వేళకు పిల్లల్ని లేపడం రాహువు వల్ల కూడా కాదని కోడలు సవినయంగా మనవి చేసింది. మెల్‌బోర్న్‌లో రాత్రి పదిన్నర. కూతురు తన వంతుగా శనివారం రాత్రి ఎనిమిది అంది. తెనాలిలో మధ్యాహ్నం మూడున్నర, బాగానే ఉంది. డాలస్‌లో తెల్లవారి అయిదు. అన్నగారు జవాబివ్వలేదు, నిద్రపోతున్నాడు.

చివరికి కొడుకు మాట నెగ్గింది. "శనివారం రాత్రి ఎనిమిదికి చేద్దాం నాన్నా, పిల్లలు పడుకోబోయే ముందు." అందరూ బొటనవేళ్ళు ఎత్తారు. శనివారం రాత్రి ఎనిమిదికి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చున్నారు. తొమ్మిదిదాకా కూర్చున్నారు. డాలస్‌లో అప్పటికింకా శనివారం ఉదయమే. కొడుకు చెప్పిన శనివారం రాత్రి తెనాలికి ఆదివారం ఉదయం ఆరున్నర. ఆ ఆరున్నరకు ఫోను మోగినప్పుడు మాస్టారు నోట్లో బ్రష్షు ఉంది. మెల్‌బోర్న్‌లో పదకొండు. ఎవరి శనివారమో ముందే చెప్పుకోవాలన్న తీర్మానం రెండోవారం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

అక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ అమెరికావాళ్ళకూ ఆస్ట్రేలియావాళ్ళకూ ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పితే తప్ప తోచదు. అదీ కూడబలుక్కుని తిప్పరు. భూగోళానికి పైన ఒకరు, కింద ఒకరు ఉన్నారాయె, ఒకరికి ఎండాకాలమైతే ఇంకొకరికి చలికాలం. మెల్‌బోర్న్ అక్టోబరు మొదటి ఆదివారం గంట ముందుకు జరుగుతుంది, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. డాలస్ నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు.

డాలస్ రాత్రి ఎనిమిదిని మేకు కొట్టినట్టు పెట్టారు కదా, ఏం జరిగిందో చూడండి. అక్టోబరు రాగానే మెల్‌బోర్న్ పదకొండు కాస్తా పన్నెండు అయింది. నవంబరు రాగానే ఒంటిగంట. కూతురు ఆకలితో ఉన్న పిల్లల్ని కుర్చీకి అదిమిపట్టి కూర్చుంది. ఆదివారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా యమగండమని అమ్మగారు గుర్తుచేశారు. ఎవరి ఊరి యమగండం లెక్కలోకి వస్తుందని మాస్టారు అడిగారు. ఆ ప్రశ్నకు ఇంతవరకు సమాధానం రాలేదు.

తెనాలికేమో నవంబరులో ఆరున్నర ఏడున్నర అయింది. ఆ మార్పు గడియారం తిప్పిన ఆదివారం కనపడదు, ఎందుకంటే మన ఉదయం కాల్ అయిపోయాకే అక్కడ అర్ధరాత్రి దాటి గడియారం మారుతుంది. ఆ పైవారం దెబ్బ తగులుతుంది. మాస్టారు ఆరున్నరకే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఫోను స్టాండుకు తగిలించి గంటసేపు తన మొహం తానే చూసుకున్నారు. మార్చిలో మళ్ళీ ఆరున్నర అవుతుంది, ఏడున్నరకు కూర్చునేసరికి మనవడు నిద్రలో ఉంటాడు. మెల్‌బోర్న్‌కు మార్చిలో పన్నెండు, ఏప్రిల్‌లో మళ్ళీ పదకొండు. మొత్తం ఏడాదిలో డాలస్ కదలలేదు, తెనాలి రెండుసార్లు కదిలింది, మెల్‌బోర్న్ నాలుగుసార్లు కదిలింది.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఈ మూడు ఊళ్ళలో గడియారం ముట్టుకోని ఊరు తెనాలి ఒక్కటే. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ మన కాకినాడకు దగ్గరలోనే పోతుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 దాకా, తెల్లదొరలు దాన్ని గంట ముందుకు జరిపారు. యుద్ధం అయ్యాక వెనక్కి వచ్చింది. కదలనివాడి వేళను ఇద్దరు కదిలేవాళ్ళు నిర్ణయించడం మన సంసారాల్లో కొత్తకాదులెండి.

మాస్టారు లెక్కల మాస్టారు. కాగితం తీశారు. మేకును డాలస్ నుంచి పీకి తెనాలిలో కొట్టారు: ఆదివారం ఉదయం ఏడు, ఏడాది పొడుగునా. డాలస్‌కు వేసవిలో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. మనవడు తొమ్మిదికి పడుకుంటాడు కనుక రెండూ పనికొస్తాయి. మెల్‌బోర్న్‌కు వాళ్ళ చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పన్నెండున్నర. ఆ ఆరునెలలూ పిల్లలకు ముందే అన్నం పెట్టేస్తే సరి. ఇలాగైతే కొడుకు రెండుసార్లు కదులుతాడు, కూతురు నాలుగుకు బదులు రెండుసార్లే కదులుతుంది. అమ్మానాన్నలు కదలరు.

మిగిలింది ఫోనుకు చెప్పడం. కొడుకు డాలస్‌లో కూర్చుని క్యాలెండర్లో ప్రతివారం వచ్చేలా ఆహ్వానం పెడితే అది డాలస్ కాలాన్నే పట్టుకుంటుంది. ఆహ్వానం తయారుచేసేటప్పుడు టైమ్ జోన్ దగ్గర కోల్‌కతా అని మార్చి, ఆదివారం ఉదయం ఏడు అని పెట్టాలి. తర్వాత ఎవరి ఫోనులో వాళ్ళ ఊరి వేళ అదే కనపడుతుంది, ఏ దేశం ఎప్పుడు గడియారం తిప్పినా అదే సర్దుకుంటుంది.

అందుచేత విదేశాంధ్ర పుత్రరత్నాలకు, పుత్రికారత్నాలకు విన్నపం. మూడు ఊళ్ళ కాల్‌కు మేకు కొట్టదలిస్తే కదలని గోడకు కొట్టండి. ఆ గోడ ప్రస్తుతం ఇండియాలో ఉంది. మీ పిల్లలు పడుకునే వేళకు ముందు వేసవిలోనూ చలికాలంలోనూ ఇమిడేలా ఒక్క భారత సమయం ఎంచుకుని, ఆహ్వానం ఆ కాలంలోనే పంపండి. రాహుకాలం సంగతి అమ్మగారు చూసుకుంటారు.