మంచి నెల ఇంటూ పన్నెండు

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఏం దొరుకుతుందో చెప్పలేం. మా మిత్రుడికి యాభైకే రిటైరయ్యే కిటుకు దొరికింది. అతనికిప్పుడు 42. పుస్తకం కొన్న అరగంటకే హోటల్లో టీ ముందు పెట్టుకుని, బిల్లు వెనక లెక్క తేల్చేశాడు. నెలకు 60 వేలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు, దానికి 25 రెట్లు. "కోటీ ఎనభై లక్షలు. అంతే, నాంపల్లి స్టేషన్‌కి పరుగులు బంద్!" అన్నాడు.

పక్కనే ఉన్న అతని భార్య ఆ కాగితం చూసింది. "ఇది నెల ఖర్చు కాదు అన్నయ్యా, మంచి నెల ఖర్చు" అంది నాతో.

ఈ లోకంలో పాతిక రెట్ల మంత్రం జపించేవాళ్లంతా హెచ్చవేతలో మహా దిట్టలు. దేన్ని హెచ్చవేస్తున్నారన్నదే వాళ్లకు పట్టదు. చుట్టాల పెళ్లి, ఫ్రిజ్ చావు, ఇంటి పన్ను, పండగ బట్టలు, అమ్మ మోకాలు, జనవరిలో నుమాయిష్. ఇవన్నీ 'ఈ నెలకు మాత్రమే' వచ్చిన ఖర్చులట. పన్నెండు నెలల్లో అలాంటి నెలలు తొమ్మిది! ఆ నుమాయిష్ కూడా, 1938లో హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వేకి డబ్బు కూడగట్టాలని ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిందే. మనవాడు అక్కడికి ఏటా వెళ్తాడు, ఇంటి సర్వే మాత్రం చేయడు.

సర్వే కష్టమేమీ కాదు. ఏడాది మొదట్లో బ్యాంకులో ఉన్నదానికి ఏడాదంతా వచ్చింది కలపాలి. చివరికి మిగిలింది, పొదుపుకి పంపింది తీసేయాలి. తక్కింది ఖర్చే, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఫ్రిజ్ ఏటా చావదు కనుక మూడేళ్ల సగటు తీయాలి. యాభైలోపు తీరిపోయే ఇంటి లోను కంతుల్ని పక్కన పెట్టాలి. పిల్లల కాలేజీ ఫీజులకు వేరే మూట కట్టాలి.

ఆవిడ సంచిలోంచి పాస్‌బుక్ తీసి చూపిస్తే మరో లక్షా ఎనభై వేలు బయటపడ్డాయి. పాస్‌బుక్‌లో కూడా కనబడని ఖర్చు ఇంకొకటుంది. ఇన్నాళ్లూ ఆస్పత్రి బీమా కట్టింది కంపెనీ. ఉద్యోగం మానిన రోజే అదీ మానేస్తుంది. నలుగురికీ ఏడాదికి 60 వేలనుకున్నాం. మొత్తం 9 లక్షల 60 వేలు. పెట్రోలు కలిసొస్తుంది కదా అని మావాడు గొణిగాడు. ఇంట్లో కూర్చున్నవాడు తాగే టీల సంగతి ఆవిడ గుర్తుచేసింది.

ఇదంతా ఈనాటి ధర. అతను మానేది ఎనిమిదేళ్ల తర్వాత. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే అప్పటికి ఇదే సంసారానికి ఏడాదికి సుమారు 15 లక్షల 30 వేలు.

ఇక ఆ పాతిక. అది అమెరికాలో పుట్టింది. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1926 నుంచి ఉన్న అక్కడి షేర్లు, ప్రభుత్వ బాండ్ల లెక్కలు తిరగేశాడు. మొదటి ఏడాది నాలుగు శాతం తీసుకుని, ఆపైన ధరలతో పాటు పెంచుకుంటూ పోయినా డబ్బు ముప్పై ఏళ్లకు తక్కువ కాకుండా వస్తుందన్నాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. అది మన ధరల మీద, మన డిపాజిట్ల మీద వేసింది కాదు, అంతే. పైగా యాభైకి మాని తొంభై దాకా ఉంటే నలభై ఏళ్లు.

మన దగ్గర తేలిక లెక్క ఒకటుంది. పన్ను పోగా వచ్చే వడ్డీ ధరల పెరుగుదలతో సమానమైతే, ఎన్నేళ్లు బతకాలో అన్ని రెట్లు కావాలి. అంటే నలభై. డిపాజిట్లనే నమ్ముకున్నవాడి గతి ఇంచుమించు ఇదే. ధరల కన్నా ఒక శాతం ఎక్కువ సంపాదిస్తే 33 రెట్లు, రెండు శాతమైతే 28. కొంత షేర్లలో పెడితే ఆ రెండు శాతం ఆశించొచ్చు. కానీ మానిన మొదటి రెండు మూడేళ్లలోనే మార్కెట్ పడితే, పడిన ధరకే అమ్ముకుని తినాలి. తర్వాత అది లేచినా మన దగ్గర లేచేందుకు మిగిలేది తక్కువ. అందుకే 33 వేశాం: ఐదు కోట్ల ఐదు లక్షలు.

మావాడు టీ చల్లారబెట్టుకుని, "జీపీఓ ఉందిగా, సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తా" అన్నాడు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు రోడ్డు మీదే ఉంది కానీ ఆ పథకానికి అరవై నిండాలి. ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లకు 55. యాభైకే ఇచ్చేది సైన్యం నుంచి వచ్చినవాళ్లకు. వయసుతో పట్టింపు లేని నెలవారీ ఆదాయ పథకం ఉంది గానీ, అందులో ఆలుమగలు కలిసి వేసినా 15 లక్షలే. అంటే మనవాడికి ఒక ఏడాది ఖర్చు.

కాసేపు ఆలోచించి నుమాయిష్ కొట్టేశాడు. తర్వాత పెళ్లిళ్లు కొట్టేశాడు. అమ్మ మోకాలి దగ్గర పెన్ను ఆగింది.

ఆ పూట టీ డబ్బులు నేనే ఇచ్చాను. ఆ ఖర్చు కూడా అతని లెక్కలో లేదు.