అప్పు పద్దు మీద వినకూడని సలహాలు

లాభాల వాటా ప్రకటించే రోజులు దగ్గరపడితే గోదావరిఖని చౌరస్తాలోనూ, బాయిల దగ్గర గేట్ మీటింగుల్లోనూ అందరూ సింగరేణి కంపెనీ లెక్కలే మాట్లాడతారు. మాట్లాడటం మంచిదే. కానీ బడ్జెట్‌లో అప్పుల చెల్లింపు అనే పద్దు దగ్గరికి వచ్చేసరికి చేతికందే సలహాల్లో చాలావరకు తప్పుడువే. వాటిని నమ్మితే నష్టపోయేది కార్మికుడే. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

మొదటి సలహా: "కిస్తు కట్టాక మిగిలిందే లాభం." వినడానికి న్యాయంగానే ఉంటుంది, ఇంటి లెక్క కూడా అలాగే నడుస్తుంది. కంపెనీ లెక్క అలా నడవదు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఒక ఓపెన్‌కాస్ట్ ప్రాజెక్టుకు 100 కోట్లు పెట్టారనుకుందాం. అందులో 70 కోట్లు అప్పు, 30 కోట్లు సొంత డబ్బు. అప్పు మీద మిత్తి ఏడాదికి 10 శాతం, అసలు పదేళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలి. మొదటి ఏడు అసలు 7 కోట్లు, మిత్తి 7 కోట్లు, మొత్తం కిస్తు 14 కోట్లు. బొగ్గు అమ్మి, జీతాలు, డీజిలు, పేలుడు పదార్థాలు అన్నీ పోను 20 కోట్లు మిగిలాయి. యంత్రాల తరుగుదల 5 కోట్లు.

లాభం లెక్కలో 20లోంచి తరుగుదల 5, మిత్తి 7 తీసేస్తారు. 8 కోట్లు లాభం. అసలు 7 కోట్లు ఈ లెక్కలోకి రాదు. ఎందుకంటే అప్పు తెచ్చినప్పుడు ఆ 70 కోట్లను ఆదాయంగా రాయలేదు, కాబట్టి తిరిగి ఇచ్చేటప్పుడు ఖర్చుగానూ రాయరు. ఆ డబ్బుతో కొన్న డంపరు, షావెల్ అరిగిపోయే మేరకు తరుగుదల పేరుతో ఖర్చు ఏటా పడుతూనే ఉంది. ఇక అసలును కూడా ఖర్చంటే ఒకే యంత్రాన్ని రెండుసార్లు ఖర్చు రాసినట్టే. అలా రాస్తే 8 కోట్ల లాభం 1 కోటికి పడిపోతుంది. లాభంలో 33 శాతం వాటా అనుకుంటే 2 కోట్ల 64 లక్షలు రావాల్సిన చోట 33 లక్షలు వస్తాయి. కిస్తు మొత్తం తీసేశాకే వాటా అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపించాలి.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే సలహా ఇంకొకటి ఉంది: "అసలు ఖర్చు కాదు కదా, దాన్ని పట్టించుకోవద్దు, లాభమంతా చేతిలో ఉన్నట్టే." ఇది ఇంకా ప్రమాదం. అదే ఏడు నగదు చూడండి. 20 కోట్లు వచ్చాయి, 14 కోట్లు కిస్తుకు పోయాయి, పన్ను సంగతి పక్కన పెడితే మిగిలింది 6 కోట్లు. లాభం 8, చేతిలో 6. ఆ 2 కోట్ల తేడా ఎక్కడిదంటే, తీర్చిన అసలు 7 కోట్లకూ తరుగుదల 5 కోట్లకూ మధ్యది. తరుగుదల కాగితం మీది ఖర్చు, ఆ డబ్బు పెట్టెలోనే ఉంటుంది, అసలు తీర్చడానికి మొదట అదే వాడతారు. చాలని మేరకు లాభంలోంచి పోతుంది. అప్పు తీర్చే గడువు యంత్రం అరిగే గడువు కంటే చిన్నదైతే ఈ ఇబ్బంది తప్పదు.

సింగరేణి బెల్టులో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. బొగ్గు, కరెంటు అమ్మిన రోజునే ఆదాయం పద్దులో పడుతుంది, కానీ విద్యుత్ సంస్థల నుంచి బకాయిలు రావడానికి ఏళ్లు పట్టిన సందర్భాలున్నాయి. మన లెక్కలో 7 కోట్ల బిల్లు వసూలు కాకుండా ఆగిందనుకోండి. లాభం 8 కోట్లుగానే కనిపిస్తుంది. నగదు మాత్రం ఒక కోటి లోటు. అప్పు ఇచ్చినవాడు బకాయి కాగితం తీసుకోడు, కిస్తు తేదీకి డబ్బే కావాలి. అప్పుడు కంపెనీ బ్యాంకులో చేబదులు తెస్తుంది, దాని మిత్తి మరుసటి ఏడాది లాభాన్ని కొరుకుతుంది. లాభం పెద్దదిగా ఉండి స్వల్పకాలిక అప్పులు కూడా పెరుగుతుంటే జరుగుతున్నది ఇదేనేమోనని చూడాలి.

"లాభం పెరిగిందంటే బాయి బాగా నడిచినట్టే" అనేది మూడో మాట. మన ప్రాజెక్టు పదో ఏడు చూద్దాం. బొగ్గు అంతే, ధర అంతే, మిగిలేది అదే 20 కోట్లు. కానీ అప్పటికి అసలు 7 కోట్లే మిగిలింది, దాని మీద మిత్తి 70 లక్షలు. లాభం 14 కోట్ల 30 లక్షలు. ఒక్క టన్ను ఎక్కువ తవ్వకుండానే లాభం 6 కోట్ల 30 లక్షలు పెరిగింది. ఏ మేనేజరు గొప్పతనమూ కాదు, మిత్తి కరిగింది, అంతే. మరుసటి ఏడు కొత్త ప్రాజెక్టుకు కొత్త అప్పు వస్తే అదే లాభం పడిపోతుంది. అప్పుడు కార్మికుల పనితనాన్ని తప్పుపట్టడం అన్యాయం.

అయితే గోదావరికి అవతల, జైపూర్ మండలం పెగడపల్లిలో సింగరేణి కట్టిన 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి ఈ లెక్క ఇలాగే పనిచేయదు. 2016 ఆగస్టు 7న ప్రధాని జాతికి అంకితం చేసిన కేంద్రమది. దాని కరెంటు ధరను విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఇలాంటి ధరల లెక్కలో అప్పు మిత్తి, తరుగుదల, సొంత పెట్టుబడి మీద రాబడి వేర్వేరుగా కలుపుతారు. మిత్తి తగ్గితే ఆ మేరకు కరెంటు ధరే తగ్గుతుంది, కంపెనీకి మిగలదు. కేంద్ర మండలి నిబంధనలైతే ఆ ఏటి తరుగుదల ఎంతో, అసలు కూడా అంతే తీరినట్టు లెక్కగడతాయి. నిజంగా అప్పు ఇచ్చినవాడికి కట్టే వాయిదా అంతకన్నా ఎక్కువైతే ఆ తేడా కంపెనీ మోయాలి.

ఇక "గడువు పొడిగించుకుంటే మిగులు పెరుగుతుంది" అంటారు. మన 70 కోట్లను పదేళ్లకు బదులు 14 ఏళ్లలో తీరిస్తే ఏటా అసలు 5 కోట్లు. మొదటి ఏడు కిస్తు 14 నుంచి 12కి దిగుతుంది, నగదు 2 కోట్లు పెరుగుతుంది. లాభం? అదే 8. రెండో ఏడు నుంచి పదేళ్ల లెక్కతో పోలిస్తే తగ్గుతుంది కూడా, ఎందుకంటే మిగిలి ఉన్న అప్పు ఎక్కువ. మొత్తం మిత్తి 38 కోట్ల 50 లక్షల నుంచి 52 కోట్ల 50 లక్షలకు చేరుతుంది. నగదు ఊపిరి ఆడని కంపెనీకి అది అవసరమే కావచ్చు. ఈ కంపెనీకే అలాంటి రోజులు వచ్చాయి, 1992లో ఒకసారి, 1996లో మరోసారి బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది, పేరుకుపోయిన నష్టాలు వెయ్యి కోట్లు దాటాయి. కానీ దాన్ని మిగులు అని మాత్రం పిలవకూడదు.

చివరిది అందరికీ తెలిసిన గొడవ. 2023-24లో సింగరేణి లాభం 4,701 కోట్లని ప్రకటించారు. విస్తరణ, కొత్త పెట్టుబడుల కోసం 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ఇచ్చారు. "మొత్తం లాభం మీద వాటా అడగండి" అని ఒకరు, "కంపెనీ బాగు కోసం పెట్టారు, అడగొద్దు" అని ఇంకొకరు. రెండూ తొందరపాటు సలహాలే. కొత్త ప్రాజెక్టులో సొంత డబ్బు లేకపోతే అప్పు ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా మిత్తి రేపటి వాటాను తింటుంది. అలాగని పక్కన పెట్టినదంతా ప్రాజెక్టులోకే వెళ్లిందని ఊహించుకోనూ వద్దు. వార్షిక నివేదిక తెప్పించుకుని మూడు చోట్ల చూడండి: దీర్ఘకాలిక అప్పుల్లో ఏడాదిలోపు కట్టాల్సిన వాయిదా ఎంత, నగదు ప్రవాహ పట్టికలో తీర్చిన అసలు ఎంత, నిర్మాణంలో ఉన్న పనుల మొత్తం గత ఏటి కంటే ఎంత పెరిగింది. పక్కన పెట్టిన సొమ్ము మొదటి రెండింటికే పోయి మూడోది కదలకపోతే, గేట్ మీటింగులో అడగాల్సిన ప్రశ్న అదే.