ఒక ఛందస్సు పుస్తకం ఆత్మకథ

నేను ఛందస్సు పుస్తకాన్ని. మా ఊరి శాఖా గ్రంథాలయంలో, వెనక గది బీరువాలో, కింది నుంచి రెండో అరలో ఉంటాను. నా మొదటి పుటలో గ్రంథాలయం ముద్ర, దాని కింద సిరాతో రాసిన నంబరు. నన్ను దానంగా ఇచ్చింది ఈ ఊళ్లోనే పనిచేసి రిటైరైన ఒక తెలుగు పండితుడు. చివరి అట్ట లోపల గడువు తేదీలు కొట్టే చీటీ అతికించారు. ముప్ఫై ఏళ్లలో దాని మీద పడినవి రెండే ముద్రలు. పక్కనున్న నవలల చీటీలు నిండిపోయి, వాటి మీద కొత్తవి అతికించాల్సి వచ్చేది. నాకు కలరా ఉండల వాసన, అట్ట అంచులు కొరికే పురుగులు, అంతే.

ఒక వానాకాలం కప్పు కురిసింది. బాగుచేయడానికి తాపీ మేస్త్రి వచ్చాడు. నా బీరువా జరపాల్సి వచ్చి, పుస్తకాలన్నీ దించి బల్ల మీద పేర్చాడు. నేను పైన ఉన్నాను. సున్నం చేతులు లుంగీకి తుడుచుకుని నన్ను తెరిచాడు. గిన్నెల్లాంటి గుర్తులు, నిలువు గీతలు వరసలు వరసలుగా కనిపించాయి.

"ఇదేంటి మేడం, గోడ ప్లాను లాగుంది?" అని అడిగాడు.

గ్రంథపాలకురాలు నవ్వి, "పద్యం ప్లాను మేస్త్రి గారూ" అంది.

అతను ఐదో తరగతిలో బడి మానేశాడు. తండ్రి వెంట ఇటుకలు అందించడానికి వెళ్లి మళ్లీ బడికి పోలేదు. చదవడం పూర్తిగా మరిచిపోకుండా కాపాడింది ఈ గ్రంథాలయమే. సాయంత్రం పని దిగాక వచ్చి పేపర్లో పెద్ద అక్షరాలు చదివేవాడు, తర్వాత చందమామ పాత సంచికలు. ఆ రోజు మాత్రం నన్ను తీసుకెళ్లాడు. నా చీటీ మీద మూడో ముద్ర పడింది.

గ్రంథాలయ వార్షికోత్సవం రెండు నెలల్లో ఉంది. ఊళ్లో చదువుకున్నవాళ్లు ప్రసంగాలు రాసుకుంటున్నారు. ఇతనికి ఒక పద్యం చెప్పాలనిపించింది, బడి మధ్యలో వదిలేసిన తనలాంటి వాళ్ల తరఫున. ఒక్క పద్యం, నాలుగు పాదాలు.

నా పుటల్లో ఉత్పలమాల, శార్దూలం లాంటి పెద్ద పెద్దవి ఉన్నాయి. అతను ఆటవెలది దగ్గర ఆగాడు. అది సరైన ఎంపికే అనుకుంటాను. వేమన పద్యాల్లో చాలా భాగం ఆటవెలదులే. బడిలో ఉన్న నాలుగైదేళ్లలో విన్న ఆ నడక అతని చెవిలో ఉండిపోయింది. సిమెంటు కలుపుతూ వాటినే గొణిగేవాడు. అతనికి ఆ లయ తెలుసు, దాని లెక్క తెలియదు. నేను చెప్పగలిగింది ఆ లెక్క ఒక్కటే.

లెక్కని అతను తన పనిలోంచి పట్టుకున్నాడు. లఘువు సగం ఇటుక, గురువు నిండు ఇటుక. రెండు లఘువులు కలిస్తే ఒక గురువంత కాలం. సూర్యగణం అంటే మూడు సగాలు, లేదా ఒక నిండు, దాని తర్వాత ఒక సగం. రెండిటి పొడుగూ ఒకటే. ఇంద్రగణాలు ఆరు. అవి కొంచెం పొడుగు, నాలుగు సగాలో ఐదు సగాలో పడతాయి. ఆటవెలదిలో ఒకటో పాదం, మూడో పాదం మూడు సూర్యగణాలతో మొదలై రెండు ఇంద్రగణాలతో ముగుస్తాయి. రెండూ నాలుగూ పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి. అది యతి.

మొదటి పాదం దగ్గరే పని ఆగింది. 'బడి మానేసిన' అని రాశాడు. బ, డి రెండు సగాలు. ఆ వెంటనే 'మా' అనే నిండు ఇటుక. సూర్యగణం అలా ఉండదు. 'మానేసిన' అనేది ఊళ్లో అందరి నోటా ఉన్న మాట, కాని ఆ చోట ఇమడలేదు. మూడు రాత్రుల తర్వాత 'బడిని విడిచినట్టి' అని కుదిరింది.

రెండో పాదం ఇట్టే వచ్చేసింది. మూడో పాదంలో మాత్రం పొరపాటు పడ్డాడు. 'గుండెలో పుస్తకం' అని రాసి, పు సగం, స్త సగం, కం నిండు అని లెక్కపెట్టాడు. నాలో ఉన్న ఆరు ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. పుస్తకం మీద రాస్తున్న పద్యంలో పుస్తకమే పట్టడం లేదని దిగులుపడి ఆ మాట కొట్టేశాడు. మర్నాడు గ్రంథపాలకురాలు అది చూసి, "పైకి పలకండి" అంది. పలికాడు. పుస్... త... కం. 'పు' మీద గొంతు ఆగుతోంది. వెనక సంయుక్తాక్షరం ఉంటే ముందున్న హ్రస్వం కూడా గురువే. ఆ సూత్రం నా పన్నెండో పుటలో ఉంది, అతను దాన్ని చదివాడు కూడా. కాని కంటితో కొలిచాడు. దీన్ని చెవితో కొలవాలి. నిండు, సగం, నిండు: రగణం, చక్కటి ఇంద్రగణం. కొట్టేసిన మాట పక్కన మళ్లీ 'పుస్తకం' అని రాసుకున్నాడు.

నాలుగో పాదం 'తలుపు తెరిచె; వెలుగు లోన నిండె' అన్నాడు. గణాలు సరిపోయాయి. యతి లేదు, త-కి లో-తో జత కుదరదు. 'లోన' తీసి 'తాను' పెట్టాడు. యతి కుదిరింది, కాని 'తాను' అక్కడ ఏ పనీ చెయ్యడం లేదు. సందు పూడ్చడానికి కుక్కిన పెంకుముక్క అది. ఆ సంగతి నేను చెప్పలేను, నా సూత్రాలకి అది తప్పు కాదు. అతనికే నచ్చక కొట్టేశాడు. తలుపులు వడ్రంగి పని, తను చేసేది గుమ్మం ఎత్తడం. అప్పుడు వచ్చింది:

బడిని విడిచినట్టి పసివాని చేతికి
తాపి దక్కె; చదువు దక్కలేదు;
గోడ కట్టువాని గుండెలో పుస్తకం
గుమ్మమెత్తె, వెలుగు కొలువుదీరె.

బ-కి ప, తా-కి ద, గో-కి గు, గు-కి కొ. నాలుగు యతులూ నిలిచాయి.

వార్షికోత్సవం నాడు చదివాడు. మొదటిసారి గొంతు వణికింది. రెండోసారి వేమన పద్యం పాడినట్టు పాడాడు. వెనక వరసలో నిలబడ్డ ఆటోవాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగే ఆవిడ మూడోసారి అడిగి పాడించుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం 'పుస్తకం' అని ముగించడం పద్య భాష కాదనీ, 'గ్రంథమ్ము' అంటే గణం చెడకుండా వ్యాకరణమూ నిలుస్తుందనీ అన్నాడు. ఆయన మాట నిజమే, గ్రంథమ్ము తగణం, అక్కడ పడుతుంది. మేస్త్రి చేతులు కట్టుకుని, "మా వాళ్లు పుస్తకం అనే అంటారండీ" అన్నాడు. నా పుటలు పెద్దాయన వైపే ఉంటాయి. నేను మాత్రం మేస్త్రి వైపు ఉన్నాను.

పద్యాన్ని గుమ్మం పక్క గోడ మీద రాయించారు. గోడ నున్నగా పూసింది మేస్త్రే. అక్షరాలు రాసిన పెయింటరు మంచి తెలుగు చేద్దామనుకుని 'పుస్తకము' అని రాశాడు. సాయంత్రం మేస్త్రి వచ్చి పైకి చదువుకుంటూ మూడో పాదం చివర ఆగిపోయాడు. ఒక నిండు, మూడు సగాలు. అలాంటి ఇంద్రగణం లేదు. ఈసారి నన్ను తెరవలేదు. సంచిలోంచి తాపీ తీసి 'ము' గీకేసి, అక్కడ సున్నం పూసి, 'క' పక్కన సున్న పెట్టించాడు. ఆ చోటు ఇప్పటికీ మిగతా గోడకంటే కొంచెం తెల్లగా ఉంటుంది.